పంట రుణం గడువులోపే కట్టినా వడ్డీ పడిందా? బ్రాంచి మేనేజర్‌కు రాయాల్సిన లేఖ ఇలా ఉండాలి

ఊళ్లో నాన్న ఫోన్ చేసి, "గడువుకు వారం ముందే బాకీ మొత్తం కట్టేశాను, అయినా ఆరు వేలు వడ్డీ పట్టుకున్నారు. సున్నా వడ్డీ అన్నారు కదా?" అని అడిగితే ఏం చెబుతారు? ఖమ్మం జిల్లా ఏన్కూరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జూలూరుపాడు, దుమ్ముగూడెం, చర్ల దాకా అడవి అంచున మూడు నాలుగు ఎకరాల్లో పత్తి, మిర్చి వేసే రైతులకు ఇది తెలిసిన ప్రశ్నే. వాళ్లు బ్యాంకుకు వెళ్లి అడిగితే "పైనుంచి రావాలి" అన్న మాటతో వెనక్కి వస్తారు. ఏది, ఎంత, ఎవరి దగ్గర నుంచి రావాలో లెక్క కట్టి కాగితం మీద అడిగితే జవాబు కూడా కాగితం మీదే రావాలి. ఆ లెక్క ఎలా కట్టాలి, లేఖ ఎలా రాయాలి అన్నదే ఈ కథనం.

రాయితీలో రెండు వాటాలు

కిసాన్ క్రెడిట్ కార్డు (కేసీసీ) మీద 3 లక్షల రూపాయల వరకు తీసుకున్న పంట రుణానికి రైతు నుంచి ఏడాదికి 7 శాతం వడ్డీ తీసుకోవాలన్నది కేంద్రం నిబంధన. ఇందుకోసం కేంద్రం బ్యాంకులకు 1.5 శాతం ఇస్తోంది. 2022-23కు ముందు ఇది 2 శాతం ఉండేది. ఇది బ్యాంకుకు, ప్రభుత్వానికి మధ్య లెక్క. రైతు దాని గురించి ఆలోచించాల్సిన పని లేదు.

రైతుకు సంబంధించిన మొదటి వాటా సకాలంలో కట్టినవారికి ఇచ్చే 3 శాతం ప్రోత్సాహకం. ఇదీ కేంద్రానిదే. ఇది అందితే అసలు వడ్డీ 4 శాతానికి దిగుతుంది. కొన్ని శాఖలు బాకీ కట్టే రోజే 4 శాతం లెక్కన తీసుకుంటాయి. మరికొన్ని ముందు 7 శాతం వసూలు చేసి, తర్వాత 3 శాతాన్ని ఖాతాలో జమ చేస్తాయి.

రెండో వాటా రాష్ట్రానిది. తెలంగాణలో వడ్డీ లేని రుణాల పథకం కింద, లక్ష రూపాయల వరకు రుణాన్ని సకాలంలో కడితే మిగిలిన 4 శాతాన్ని రాష్ట్రం భరించాలి. లక్ష దాటి 3 లక్షల వరకు పావలా వడ్డీ. అంటే రైతు 3 శాతం కడితే, రాష్ట్రం 1 శాతం భరిస్తుంది. అయితే రాష్ట్రం నిధులు విడుదల చేసిన తర్వాతే ఈ సొమ్ము రైతుకు చేరుతుంది. ఈ బకాయిల ప్రస్తావన బ్యాంకర్ల సమావేశాల్లో ఏళ్లుగా వస్తూనే ఉంది.

అందుకే "వడ్డీ ఎందుకు వేశారు?" అని ఒక్క ముక్కలో అడిగితే ఒక్క ముక్కలోనే జవాబు వస్తుంది. రెండు వాటాలను విడదీసి అడగాలి.

ముందు ఈ లెక్క చూసుకోండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడెకరాల పత్తి రైతు 2024 జూన్ 12న 90,000 రూపాయల పంట రుణం తీసుకున్నారు. 2025 జూన్ 5న మొత్తం కట్టేశారు. అంటే 358 రోజులు. బ్యాంకు వడ్డీ కింద 6,179 రూపాయలు పట్టుకుంది. ఏ రేటు వేశారో ఇలా తెలుస్తుంది:

```
వడ్డీ × 365 × 100 ÷ (అసలు × రోజులు)
6179 × 365 × 100 ÷ (90000 × 358) = 7
```

జవాబు 4కు దగ్గరగా ఉంటే కేంద్రం ప్రోత్సాహకం అప్పటికే అందినట్టు. అప్పుడు అడగాల్సింది రాష్ట్ర వాటా గురించే. ఈ ఉదాహరణలో లాగా 7 వస్తే రెండు వాటాలూ రావాలి: కేంద్రం నుంచి 2,648 రూపాయలు, రాష్ట్రం నుంచి 3,531 రూపాయలు. జవాబు 7 దాటి 9 దాకా వెళితే సమస్య వేరే. ఆ రుణాన్ని బ్యాంకు రాయితీ పథకంలోనే చూపలేదని గానీ, గడువు దాటినట్టు లెక్కేసిందని గానీ అర్థం.

ఈ లెక్కకు పాస్‌బుక్ సరిపోదు. రుణం తీసుకున్న రోజు నుంచి నేటి దాకా కేసీసీ ఖాతా స్టేట్‌మెంట్ తీసుకోండి. డబ్బు రెండు మూడు విడతల్లో తీసుకుని ఉంటే ఒక్కో విడతకు రోజులు వేరుగా లెక్కించాలి. బీమా ప్రీమియం లాంటివి వడ్డీలో కలిపేయకుండా పక్కన పెట్టండి. ప్రోత్సాహకం ఒక్కోసారి పొదుపు ఖాతాలో కాకుండా కేసీసీ ఖాతాలోనే జమ అయి, కొత్త రుణం బాకీని కాస్త తగ్గిస్తుంది. రైతు దాన్ని గమనించరు. స్టేట్‌మెంట్‌లో subvention లేదా PRI అని ఉన్న జమ ఏదైనా ఉందేమో చూశాకే లేఖ రాయండి.

"సకాలంలో" అంటే ఎప్పుడు?

రైతు దృష్టిలో గడువంటే పంట అమ్మి డబ్బు చేతికి వచ్చాక. బ్యాంకు దృష్టిలో మాత్రం తాను నిర్ణయించిన గడువు తేదీ. రుణం తీసుకుని ఏడాది దాటాక కడితే 3 శాతం రాదు. ఒక్క రోజు ఆలస్యమైనా అంతే. కాబట్టి గడువు తేదీ ఏదో మంజూరు పత్రంలో చూసుకోవాలి.

రెండో చిక్కు రెన్యువల్. వడ్డీ మాత్రం కట్టించుకుని, పాత అసలును కొత్త రుణంగా కాగితం మీద తిరగరాస్తే దాన్ని పూర్తి చెల్లింపుగా లెక్కించకపోవచ్చు. గడువులోపు అసలు, వడ్డీ మొత్తం జమ అయినట్టు, ఆ తర్వాతే కొత్త రుణం ఇచ్చినట్టు స్టేట్‌మెంట్‌లో కనిపించాలి.

మూడోది రుణమాఫీ మీద ఆశ. తెలంగాణలో 2024లో జరిగిన 2 లక్షల మాఫీ 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య రుణాలకే వర్తించింది. మన ఉదాహరణలోని రుణం ఆ తర్వాతది. మళ్లీ మాఫీ వస్తుందేమోనని గడువు దాటిస్తే చేతిలో ఉన్న 3 శాతం పోతుంది.

లేఖ నమూనా

తేదీ: ……
బ్రాంచి మేనేజర్ గారికి,
…… శాఖ, …… మండలం.

విషయం: సకాలంలో చెల్లించిన పంట రుణంపై వసూలు చేసిన వడ్డీ, రాయితీ జమ గురించి.
కేసీసీ ఖాతా నంబరు: ……

అయ్యా,

నేను …… గ్రామ రైతును. నాకు …… సర్వే నంబరులో 3 ఎకరాల భూమి ఉంది. మీ శాఖలో 12-06-2024న 90,000 రూపాయల పంట రుణం తీసుకున్నాను. మంజూరు పత్రం ప్రకారం గడువు 11-06-2025. నేను 05-06-2025న అసలు, వడ్డీ కలిపి 96,179 రూపాయలు కట్టాను. రశీదు జతచేశాను.

ఇందులో వడ్డీ 6,179 రూపాయలు. 358 రోజులకు ఇది 7 శాతం అవుతోంది. సకాలంలో కట్టినందుకు రావాల్సిన 3 శాతం, అంటే 2,648 రూపాయలు నేటి వరకు నా కేసీసీ ఖాతాలో గానీ పొదుపు ఖాతాలో గానీ జమ కాలేదు.

దయచేసి ఈ కింది వాటికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

1. నా రుణం వివరాలు కిసాన్ రుణ్ పోర్టల్‌లో నమోదయ్యాయా? 3 శాతం ప్రోత్సాహకానికి క్లెయిమ్ ఏ తేదీన పంపారు?
2. పంపకపోతే కారణం ఏమిటి? ఆధార్, పేరు, భూమి వివరాల్లో తేడా ఉంటే అది ఏమిటి? సరిచేయడానికి నేను ఏం ఇవ్వాలి?
3. వడ్డీ లేని రుణాల పథకం కింద నాకు రావాల్సిన 3,531 రూపాయలకు రాష్ట్ర ప్రభుత్వానికి క్లెయిమ్ పంపారా? ఏ సీజన్ జాబితాలో పంపారు?

నాకు రావాల్సిన మొత్తాన్ని జమ చేయించి, ఆ వివరం తెలపాలని కోరుతున్నాను.

ఇట్లు,
పేరు, సంతకం/వేలిముద్ర, ఫోన్ నంబరు
జత: మంజూరు పత్రం, చెల్లింపు రశీదు, ఖాతా స్టేట్‌మెంట్, ఆధార్, భూమి పత్రం నకళ్లు

లేఖలో ఆ మూడు ప్రశ్నలే ఎందుకు?

2023 సెప్టెంబర్‌లో మొదలైన కిసాన్ రుణ్ పోర్టల్ ద్వారానే కేంద్రం రాయితీ క్లెయిమ్‌లు వెళ్తున్నాయి. ఆధార్‌తో ముడిపడిన రుణం వివరాలు అక్కడ సరిగ్గా ఉండాలి. పట్టా పుస్తకంలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉన్నా క్లెయిమ్ ఆగిపోవచ్చు. ఇది రైతు ఇంట్లో కూర్చుంటే తెలిసేది కాదు, శాఖ చెప్పాల్సిందే. అందుకే మొదటి రెండు ప్రశ్నలు. మూడో ప్రశ్నకు "పంపాం, నిధులు రాలేదు" అన్న జవాబు వస్తే అందులో శాఖ తప్పు లేదు. కానీ జాబితాలో పేరు ఉందో లేదో అప్పుడే తేలిపోతుంది. పేరు లేకపోతే, నిధులు వచ్చిన రోజు కూడా ఆ రైతుకు ఏమీ రాదు.

కేసీసీ కాకుండా బంగారం తాకట్టుపై మామూలు వ్యవసాయ రుణం తీసుకుంటే ఈ రాయితీ వర్తించదు. పోడు పట్టా భూమిని అమ్మడానికి వీల్లేదు కాబట్టి దానిపై పంట రుణం రాదనుకోవడం మాత్రం సరికాదు. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి భూమి తాకట్టు అడగకూడదు. అలాంటి రుణం కేసీసీ మీద ఉంటే పై లెక్కే వర్తిస్తుంది.

భద్రాచలం చుట్టుపక్కల మరో మెలిక ఉంది. ఏటపాక, కూనవరం, చింతూరు, వీఆర్ పురం ప్రాంతాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భూమి అక్కడ, బ్యాంకు ఖాతా భద్రాచలంలో ఉంటే కేంద్రం 3 శాతంలో తేడా రాదు. మూడో ప్రశ్నను మాత్రం "ఏ రాష్ట్రానికి క్లెయిమ్ పంపారు?" అని మార్చి రాయండి.

జవాబు రాకపోతే

లేఖ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిపై శాఖ ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సందేహాలకు ఫోన్ నంబరు 14448. గ్రామీణ బ్యాంకులూ దీని పరిధిలోకి వస్తాయి. రుణం సహకార సంఘంలో తీసుకుని ఉంటే ముందు సంఘం సీఈఓకు, తర్వాత జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు ఇదే లేఖ ఇవ్వాలి.

రాష్ట్ర నిధులు విడుదల కాలేదన్నదే జవాబైతే అంబుడ్స్‌మన్ చేయగలిగింది తక్కువ. అప్పుడు ఆ జవాబు నకలుతో మండల వ్యవసాయ అధికారిని, జిల్లా లీడ్ బ్యాంక్ మేనేజర్‌ను కలవాలి. ఊళ్లో ఉన్నవారికి ఇందులో కష్టమైనది స్టేట్‌మెంట్ చదవడం, రోజులు లెక్కపెట్టడం. స్టేట్‌మెంట్ ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకుంటే ఆ పని మీరు నగరంలో కూర్చునే చేసిపెట్టవచ్చు. సంతకం మాత్రం ఖాతాదారుదే ఉండాలి.