బడిలో బెత్తం: రెండు వందల ఏళ్ల నడక

బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో, ఆ జిల్లాలోని తెలుగు, కన్నడ వీధిబడులు ఎలా నడిచేవో వివరంగా ఉంది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా చుట్టేవారు: మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చిన ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి చొప్పున పెరిగేవి. చదవనివాణ్ణి కొట్టేవారు, రెండు చేతులూ కట్టి పైకప్పుకు వేలాడదీసేవారు, ఆపకుండా గుంజీలు తీయించేవారు. వేలాడదీసే ఆ శిక్షకు తెలుగు పల్లెల్లో కోదండం అని పేరు.

ఈ లెక్కలో ఒక సంగతి దాగి ఉంది. పిల్లలంతా చీకటితోనే లేచి వచ్చినా మూడోవాడి నుంచి అందరికీ దెబ్బలు తప్పవు. శిక్షకూ తప్పుకూ సంబంధం తెగిపోవడం అక్కడే మొదలైంది. తర్వాతి కాలపు బడుల్లో కోదండం కనుమరుగైంది కాని బెత్తం, గోడకుర్చీ, తొడపాశం నిలిచాయి. 1860 నాటి భారత శిక్షాస్మృతి 89వ సెక్షన్, పన్నెండేళ్ల లోపు పిల్లల మేలు కోరి సంరక్షకులు గాని, వారి సమ్మతితో మరొకరు గాని చేసిన పనికి రక్షణ ఇచ్చింది. ఉపాధ్యాయుల తరఫు వాదనకు అదే ఆసరా అయింది.

మార్పు చాలా ఆలస్యంగా వచ్చింది. ఢిల్లీ పాఠశాలల్లో శారీరక దండనకు వీలిచ్చిన నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2000 డిసెంబరులో కొట్టివేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో విద్యా నిబంధనలను సవరించి దండనను నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఉల్లంఘించిన ఉపాధ్యాయుడిపై శాఖాపరమైన చర్య ఉంటుంది.

తెలుగు నేల మీద నిషేధం ఎంతవరకు పనిచేసిందో చెప్పే ఆధారం యంగ్ లైవ్స్ పరిశోధన. 2001-02 ప్రాంతంలో పుట్టిన పిల్లలను అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏళ్ల తరబడి గమనించింది. నిషేధం వచ్చి ఏడేళ్లు గడిచాక, ఎనిమిదేళ్ల వయసులో వారిని అడిగితే, గడిచిన వారంలో టీచర్ ఎవరినో కొట్టడం చూశామని పదిమందిలో తొమ్మిదిమందికి పైగా చెప్పారు. తామే దెబ్బలు తిన్నామన్నవారు నూటికి 78 మంది.

ఆ దెబ్బ మనసులో ఏం చేస్తుందో విక్టోరియా తల్వార్, కాంగ్ లీ 2011లో ప్రచురించిన అధ్యయనం బాగా చూపింది. పశ్చిమాఫ్రికాలో రెండు ప్రైవేటు బడులను వారు ఎంచుకున్నారు. ఒకదానిలో పెన్సిల్ మరిచినా కర్రతో కొట్టేవారు, రెండోదానిలో మందలింపే. మూడు, నాలుగేళ్ల పిల్లలను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, వెనకనున్న బొమ్మను చూడవద్దని చెప్పి పెద్దలు బయటికి వెళ్లారు. రెండు బడుల్లోనూ చాలామంది తొంగి చూశారు. అంటే భయం కోరికను ఆపలేదు. తేడా ఆ తర్వాత బయటపడింది. కర్ర ఉన్న బడిలో చూసినవారు దాదాపు అందరూ చూడలేదన్నారు. పైగా ఆ అబద్ధాన్ని పొరపాటున బయటపెట్టకుండా నిలుపుకోవడంలో వారే నేర్పరులు. ఒకసారి జరిపిన చిన్న అధ్యయనం కాబట్టి దీన్నే తుదిమాటగా తీసుకోరాదు. అయినా తరగతి గదిలో ఇదెలా కనిపిస్తుందో ఊహించడం కష్టం కాదు. లెక్క అర్థం కాని పిల్లవాడు అర్థం కాలేదని చెప్పడు, పక్కవాడిది చూసి దించుతాడు. నోటుపుస్తకం సరిగ్గానే ఉంటుంది, వాడికి తీసివేత రాలేదన్న సంగతి పరీక్షదాకా టీచర్‌కు తెలియదు. కొట్టే టీచర్‌కు తన తరగతి గురించి తెలియవలసిన సమాచారమే అందకుండా పోతుంది.

చట్టం బెత్తం వద్దంది కాని, యాభైమందిని అదుపులో ఉంచే మరో పద్ధతిని చాలామంది ఉపాధ్యాయుల చేతికి ఇవ్వలేదు. నిషేధం కాగితం మీద ఉండిపోవడానికి అది పెద్ద కారణం. ఆ లోటును పూడ్చే ప్రయత్నం ఉగాండాలో జరిగింది. రెయిజింగ్ వాయిసెస్ సంస్థ రూపొందించిన గుడ్ స్కూల్ టూల్‌కిట్‌ను లువేరో జిల్లాలో 42 ప్రాథమిక పాఠశాలల్లో సగంవాటిలో ఏడాదిన్నర అమలు చేశారు. ఉపాధ్యాయులు, పిల్లలు, తల్లిదండ్రులు కలిసి తమ బడికి లక్ష్యాలు పెట్టుకున్నారు, నియమాలు రాసుకున్నారు. ఏ తప్పుకు ఏం చేయాలో ముందే నిర్ణయించుకున్నారు.

ఇలాంటి పద్ధతిలో హోంవర్క్ చేయని పిల్లవాడికి మొదట ఎదురయ్యేది ఒక ప్రశ్న: రాలేదా, సమయం దొరకలేదా, చేయబుద్ధి కాలేదా? రాకపోతే మళ్లీ చెప్పాలి. ఇంట్లో పని ఉంటే బడిలోనే అరగంట ఇవ్వాలి. బుద్ధి పుట్టకపోతే ఆటల సమయంలో కొంత కోల్పోయి ఆ పని పూర్తిచేయాలి. గోడ మీద గీసినవాడు గోడ తుడుస్తాడు. తప్పుకూ పర్యవసానానికీ ముడి తిరిగి పడేది ఇక్కడే.

గడిచిన వారంలో సిబ్బంది చేతిలో దెబ్బలు తిన్నవారు మామూలు బడుల్లో నూటికి 49 మంది ఉండగా, టూల్‌కిట్ అమలైన బడుల్లో 31 మంది ఉన్నారని 2015లో ఫలితాలు వెలువడ్డాయి. తగ్గుదల పెద్దదే. ఏడాదిన్నర శ్రమ తర్వాత కూడా దాదాపు మూడోవంతు పిల్లలకు దెబ్బలు తప్పలేదన్నదీ అంతే నిజం. ఒక రోజు శిక్షణతోనో, ఒక సర్క్యులర్‌తోనో ఇది సాధ్యం కాదు.