కదిరి వారి వెంకటరెడ్డి

కదిరికి దగ్గర్లోనే కటారుపల్లి, అక్కడ వేమన సమాధి. పాతతరం వాళ్లకు వేమన అనగానే 1947 నాటి ‘యోగి వేమన’లో చిత్తూరు నాగయ్య ముఖమే కళ్లలో మెదులుతుంది. ఆ సినిమా తీసినాయన ఇంటిపేరూ కదిరే. కదిరి వెంకటరెడ్డి, మనందరికీ కె.వి.రెడ్డి.

1912లో తాడిపత్రిలో పుట్టాడు. మద్రాసులో బి.ఎస్సీ. చదివి, సినిమాల్లోకి క్యాషియరుగా వచ్చాడు. తర్వాత వాహినిలో ప్రొడక్షన్ మేనేజరు. ఫిల్ము ఎక్కడ వృథా అవుతుందో, షూటింగు రోజు ఎందుకు చెడుతుందో బాగా తెలిసేది ఆ కుర్చీలోనే. తన ఊరివాడే అయిన మూలా నారాయణస్వామి అండతో ‘భక్త పోతన’కు దర్శకుడయ్యాడు. అది ఆడింది.

ఆయన పలుకుబడి పార్టీల్లో పెంచుకున్నది కాదు. స్క్రిప్టు మొత్తం పూర్తయ్యాకే సెట్టు మీదికి వెళ్లేవాడు. రిహార్సల్లో స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి షాటుకూ సెకన్లు లెక్కపెట్టేవాడు. సినిమా నిడివి ఎంతో కెమెరా తిరగకముందే తెలిసేది. పెట్టుబడి పెట్టేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ‘పాతాళభైరవి’ (1951) తర్వాత ఆయన కోసం వేచి ఉండేవాళ్లు తయారయ్యారు. 1951లో పుట్టిన అన్నపూర్ణ సంస్థ, తొలి సినిమాను ఆయనతోనే తీయాలని పట్టుబట్టి, 1955లో గానీ ‘దొంగరాముడు’ను విడుదల చేయలేదు. 1957లో ‘మాయాబజార్’. మాటలు పింగళి, కెమెరా మార్కస్ బార్ట్‌లే, సంగీతం ఘంటసాల. అందరూ ఒకరి పని ఒకరికి తెలిసినవాళ్లు.

నా లెక్కలో ఆయన బలహీనతా అక్కడే ఉంది. ఆ బలగం గట్టిదే, కానీ చిన్నది. దాన్ని నిలబెట్టింది ఒకే ఒక్క హామీ: ఈయన సినిమా పోదు. నారాయణస్వామి 1950లోనే పోయాడు. తర్వాత పెద్ద దిక్కు విజయా సంస్థే. ‘సత్య హరిశ్చంద్ర’ (1965) ఆడలేదు. 1968లో ‘ఉమా చండీ గౌరీశంకరుల కథ’ పోయింది. అదే ఏడు సొంత జయంతి బ్యానర్ మీద తీసిన ‘భాగ్యచక్రం’ కూడా పోయింది. స్టాప్‌వాచ్ అదే, క్రమశిక్షణ అదే. నిడివిని ముందే కొలవగలిగిన మనిషికి మారిపోయిన ప్రేక్షకుడు మాత్రం కొలతకు అందలేదు. విజయాతో బంధం తెగింది. కొత్త నిర్మాతలతో పరిచయాలు పెంచుకోవడం ఆయనకు మొదటినుంచీ అలవాటు లేదు. అవసరం పడలేదు కదా! యాభై దాటాక ఆ విద్య రాదు.

మళ్లీ పిలిచింది ‘పాతాళభైరవి’లో ఆయన తోటరాముణ్ణి చేసిన నటుడే. ఎన్టీఆర్ తమ్ముడు త్రివిక్రమరావు నిర్మించిన ‘శ్రీకృష్ణ సత్య’ 1971 డిసెంబరులో వచ్చింది. అది ఆయన పద్నాలుగో సినిమా. 1972 సెప్టెంబరు 15న కన్నుమూశాడు, అరవయ్యేళ్లకే.