వేపపుల్లకు అందని చోట్లు

పందుంపుల్లకు చిటికెన వేలంత లావు, జానెడు పొడవు ఉన్న పచ్చి వేపపుల్ల కావాలి. ఒక కొసన బెరడు తీసి, పీచు కుచ్చులా విచ్చుకునేదాకా నమిలి దానితో తోముతారు. తర్వాత పుల్లను చీల్చి నాలుక గీసుకుంటారు. వేప చేదు సూక్ష్మక్రిములను కొంత అణచుతుంది. నమిలినప్పుడు ఊరే లాలాజలం కూడా నోటిని కడుగుతుంది. తీరిగ్గా తోమితే పళ్ల బయటి వైపు పాచి బాగానే పోతుంది.

చిక్కంతా లోపలి వైపుతోనే. బ్రష్‌కు కుచ్చు పక్కకు ఉంటుంది, పుల్లకు కొసన ఉంటుంది. అందుకే కింది ముందుపళ్ల వెనక, దవడపళ్ల లోపల పాచి మిగిలిపోయి గారగా గట్టిపడుతుంది. కింది పళ్ల వెనక నాలుకతో తడిమితే గరుగ్గా తగిలేది అదే. గార కట్టాక బ్రష్‌కు కూడా రాదు, దంతవైద్యుడు తీయాల్సిందే.

పళ్లపొడిలో బొగ్గు, కచ్చిక బూడిద, ఉప్పు మరకలు పోగొడతాయి. పళ్లు తెల్లబడ్డాయని మనకు సంతోషం. రోజూ గట్టిగా అడ్డంగా రుద్దితే మాత్రం కొన్నేళ్లకు చిగురు దగ్గర పన్ను అరిగి, చన్నీళ్లు తగిలితే జివ్వుమంటుంది. ఒడిశాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట: గుడాకు పళ్లమందు కాదు, పొగాకు ముద్ద. పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని 1992లోనే కేంద్రం నిషేధించింది.

పన్ను పుచ్చకుండా పైపొరను గట్టిపరిచే ఫ్లోరైడ్ వేపపుల్లతో గానీ ఇంటి పొడితో గానీ పంటికి అందదు. పొద్దున పుల్ల వేసుకునే పెద్దలు రాత్రి పడుకోబోయే ముందు మెత్తని బ్రష్‌తో, బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో లోపలి వైపులు తోముకోవాలి. తర్వాత నురగ ఉమ్మేస్తే చాలు, నీళ్లతో పదేపదే పుక్కిలించకూడదు.