పేరు పలికితే పిడుగు పడాలి

1939 చివర్లో అమెరికాలోని ఫాసెట్ సంస్థ పిల్లల కామిక్స్‌లోకి దిగింది. రచయిత బిల్ పార్కర్, చిత్రకారుడు సి.సి.బెక్ కలిసి తయారుచేసిన వీరుడికి మొదట పెట్టిన పేరు కెప్టెన్ థండర్. ఛాతీ మీద మెరుపు గుర్తున్నవాడికి ఉరుము పేరు చక్కగా అతికింది. తీరా చూస్తే ఆ పేరు మీద హక్కు దొరకలేదు. చివరికి 1940 ఫిబ్రవరి తేదీ వేసుకుని వచ్చిన విజ్ కామిక్స్‌లో అతను కెప్టెన్ మార్వెల్ అయ్యాడు. మార్వెల్ అంటే అద్భుతం. అది ఏ వీరుడికైనా పెట్టుకోవచ్చు, మెరుపుతో దానికి చుట్టరికమేమీ లేదు.

ఆ లోటు తీర్చింది మంత్రం. పేపర్లు అమ్ముకునే బిల్లీ బాట్సన్ అనే కుర్రాడు ‘షజామ్’ అంటే చాలు, పిడుగు పడి మహావీరుడవుతాడు. సోలమన్ తెలివి, హెర్క్యులిస్ బలం, అట్లాస్ ఓర్పు, జ్యూస్ శక్తి, అకిలీస్ ధైర్యం, మెర్క్యురీ వేగం: ఈ ఆరుగురి ఇంగ్లిష్ పేర్లలోని తొలి అక్షరాలే ఆ మాట. అర్థం అలా కుదిరింది. ఇక శబ్దమంటారా, ‘ష’తో జివ్వుమని మొదలై, ‘జా’ దగ్గర నోరంతా తెరిపించి, ‘మ్’ దగ్గర టక్కున మూసుకుంటుంది. ఆరుగురు దేవుళ్లూ వీరులూ గుర్తులేని పిల్లాడికి కూడా ఏదో పేలినట్టే వినిపిస్తుంది. నా దృష్టిలో పార్కర్ గెలిచింది ఇక్కడే.

1941 చివర్లో వచ్చిన కెప్టెన్ మార్వెల్ జూనియర్ దగ్గర మాత్రం లెక్క తప్పింది. కుంటికాలి ఫ్రెడ్డీ ఫ్రీమన్‌కు మంత్రం ‘కెప్టెన్ మార్వెల్’. దాంతో, నువ్వెవరని ఎవరైనా అడిగితే పాపం జూనియర్ తన పేరు చెప్పుకోలేడు. చెప్పాడా, మళ్లీ ఫ్రెడ్డీ అయిపోతాడు!

సూపర్‌మ్యాన్‌కు నకలన్న దావాతో విసిగి, అమ్మకాలూ పడిపోయి, 1953లో ఫాసెట్ ఆ కామిక్స్ ఆపేసింది. బ్రిటన్‌లో వాటిని అచ్చేస్తున్న ఎల్.మిల్లర్ సంస్థ ఖాళీ పూరించమని మిక్ ఆంగ్లోను అడిగింది. 1954లో మార్వెల్‌మ్యాన్ వచ్చాడు. అప్పటికి మెరుపు పాతబడింది, అణువు కొత్త. ఇంగ్లిష్ ‘అటామిక్’ను వెనక నుంచి రాసి మంత్రం చేశారు. ఉన్న అక్షరాలు ఉన్నట్టే తిప్పితే పిల్లలు ‘సిమోటా’ అని చదువుతారు, అందులో పస లేదు. ముందున్న ‘సి’ బదులు ‘కె’ పెట్టేసరికి ‘కిమోటా’ అయింది, బిరుసు వచ్చింది. గుట్టు విప్పిన పిల్లాడికి అణుశక్తి కనబడుతుంది, విప్పనివాడికి అదో వింత మంత్రం.

ఈలోగా 1967లో మార్వెల్ కామిక్స్ తన సొంత కెప్టెన్ మార్వెల్‌ను దించింది. అందుకే కొన్నేళ్లకు డీసీ సంస్థ పాత వీరుణ్ని తిరిగి తెచ్చినప్పుడు పుస్తకం పేరు ‘షజామ్!’ అని పెట్టుకోవాల్సి వచ్చింది. 2011 తర్వాతి కథల్లో వీరుడి పేరు కూడా అదే చేశారు. ఫ్రెడ్డీ తిప్పలు అలా బిల్లీకీ వచ్చిపడ్డాయి.