వి.ఎఫ్.డి.తో మోటారు వేగం తగ్గిస్తే కరెంటు ఎంత ఆదా అవుతుంది?

డ్రిప్‌కు నీళ్లు ఎక్కువవుతున్నాయని వాల్వ్‌ను సగం మూసి నడుపుతున్నారా? లేదా బైపాస్ పెట్టి మిగులు నీటిని మళ్లీ బావిలోకే వదులుతున్నారా? అయితే ఆ మిగులుకు కూడా మీ మోటారు కరెంటు తింటోంది. వాల్వ్ మూయడానికి బదులు మోటారు వేగాన్నే తగ్గించే పరికరం వి.ఎఫ్.డి. మన లైనులో కరెంటు 50 హెర్ట్జ్‌లో వస్తుంది. దాన్ని ఈ పరికరం 45, 40 ఇలా కావలసినంతకు తగ్గించి మోటారుకు ఇస్తుంది. హెర్ట్జ్ తగ్గితే మోటారు చుట్లు కూడా దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతాయి.

వేగం తగ్గితే ఏమవుతుంది?

సెంట్రిఫ్యూగల్ పంపులన్నింటికీ మూడు సూత్రాలు వర్తిస్తాయి. వేగం ఎంత తగ్గితే నీరు అంత తగ్గుతుంది. నీటిని ఎత్తే శక్తి, అంటే హెడ్, వేగం వర్గాన్ని బట్టి తగ్గుతుంది. పంపుకు కావలసిన పవర్ వేగం ఘనాన్ని బట్టి తగ్గుతుంది.

50 హెర్ట్జ్ నుంచి 40కి తగ్గించామనుకోండి. వేగం 80 శాతం అవుతుంది. హెడ్ 64 శాతానికి, పవర్ దాదాపు 51 శాతానికి దిగుతాయి. వేగం ఐదో వంతు తగ్గిస్తే పవర్ సగానికి పడిపోతుందన్నమాట.

డ్రిప్‌లో ఒక ఉదాహరణ

బావి మీద 5 హెచ్.పి. మోనోబ్లాక్ ఉంది. నీటిమట్టం పంపుకు 6 మీటర్ల కింద ఉంది. ఒక బ్లాకుకు సెకనుకు 4 లీటర్ల నీరు, వాల్వ్ దాటాక 1.4 కిలోల ప్రెషర్ చాలు. ఒక కిలో ప్రెషర్ అంటే సుమారు 10 మీటర్ల హెడ్. అంటే కావలసిన మొత్తం హెడ్ 6 + 14 = 20 మీటర్లు.

పూర్తి వేగంలో సెకనుకు 4 లీటర్ల దగ్గర ఈ పంపు 34 మీటర్ల హెడ్ ఇస్తుంది. అప్పుడు వాల్వ్‌కు ముందు గేజ్ 2.8 కిలోలు, వాల్వ్ దాటాక 1.4 కిలోలు చూపుతుంది. ఈ తేడా అంతా వాల్వ్ దగ్గరే వృథా. వాల్వ్ పూర్తిగా తెరిచి మోటారును 40 హెర్ట్జ్‌కు దించితే అదే నీరు, అదే ప్రెషర్ వస్తాయి. గంటకు దాదాపు మూడున్నర యూనిట్లు తినే మోటారు రెండు యూనిట్ల దగ్గరకు వస్తుంది. మీ దగ్గర వాల్వ్‌కు అటూ ఇటూ గేజ్ పెట్టి చూడండి. తేడా కొద్దిగానే ఉంటే ఆదా కూడా కొద్దిగానే ఉంటుంది.

లోతైన బోరులో లెక్క వేరు

బోరులో నీటిని ముందు నేల మీదకు ఎత్తాలి. వేగం తగ్గించినంత మాత్రాన ఆ ఎత్తు తగ్గదు. వాల్వ్ పూర్తిగా మూసినప్పుడు 50 హెర్ట్జ్‌లో 100 మీటర్ల హెడ్ చూపే పంపు, 40 హెర్ట్జ్‌లో 64 మీటర్లే చూపుతుంది. పంపు నడిచేటప్పుడు నీటిమట్టం 70 మీటర్ల లోతులో ఉంటే, నీరు పైకి రావడానికే సుమారు 42 హెర్ట్జ్ దాటాలి. వేసవిలో అది 80 మీటర్లకు దిగితే 45 దాటాలి.

అంతకంటే తక్కువలో మోటారు తిరుగుతుంది, నీరు మాత్రం రాదు. సబ్‌మెర్సిబుల్ మోటారు తన పక్కనుంచి పారే నీటితోనే చల్లబడుతుంది కాబట్టి ఇలా నడిపితే వేడెక్కి వైండింగ్ కాలిపోతుంది. సోలార్ పంపు ఉదయం వేళ తిరుగుతున్నా నీళ్లు పోయకపోవడానికి ఒక కారణం ఇదే. ఎండ ముదిరి వేగం పెరిగితే గాని నీరు పైకి రాదు. అందుకే డ్రైవ్‌లో కనీస హెర్ట్జ్, డ్రై రన్ రక్షణ తప్పక సెట్ చేయించుకోండి.

బోరులో ఆదా ఉందో లేదో ఇలా తెలుసుకోవచ్చు. 50 హెర్ట్జ్‌లో 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో, అప్పుడు మోటారు ఎన్ని కిలోవాట్లు తీసుకుంటోందో రాసుకోండి. తర్వాత 47, 45 దగ్గర కూడా చూడండి. సెకన్లను కిలోవాట్లతో హెచ్చించండి. ఏ వేగంలో ఈ లెక్క తక్కువ వస్తే ఆ వేగంలో డ్రమ్ముకు అయ్యే కరెంటు తక్కువ. వేగం తగ్గించినా లెక్క పెరుగుతుంటే అక్కడితో ఆపండి.

కొనే ముందు

- మామూలు వి.ఎఫ్.డి. త్రీఫేజ్ మోటారుకే పనికొస్తుంది. కెపాసిటర్‌తో నడిచే సింగిల్ ఫేజ్ మోటారుకు పెట్టకూడదు.
- డ్రైవ్‌కు, మోటారుకు మధ్య కెపాసిటర్ ఉంటే తీసేయించాలి. లేకుంటే డ్రైవ్ పాడవుతుంది.
- బోరు కేబుల్ పొడవుగా ఉంటే డ్రైవ్ తర్వాత ఫిల్టర్ కావాలేమో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. పొడవైన కేబుల్‌లో వోల్టేజీ ఎగిసి వైండింగ్ ఇన్సులేషన్ దెబ్బతింటుంది.
- ఏడాది పొడవునా ఒకే బ్లాకు, ఒకే ప్రెషర్ అయితే డ్రైవ్ కంటే తక్కువ హెడ్ ఉన్న చిన్న పంపు చవక. బ్లాకుకో అవసరం ఉన్నచోటే డ్రైవ్ పనికొస్తుంది.
- ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉచిత వ్యవసాయ విద్యుత్ వాడే రైతుకు బిల్లులో ఆదా కనిపించదు. జనరేటర్ డీజిల్‌కో, మీటరు బిల్లుకో డబ్బు కట్టేవారు రోజుకు మిగిలే యూనిట్లను లెక్కగట్టి, పరికరం ధర ఎన్నేళ్లలో తిరిగొస్తుందో చూసుకున్నాకే కొనండి.