పెరిగే ఫుటేజ్ ఆర్కైవ్‌లో దగ్గరి నకళ్లు: ఫ్రేమ్ పోలిక నుంచి కాలరేఖ పోలిక దాకా

విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరులోనూ 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్లింది. బ్యారేజీని కెమెరాలో పట్టడానికి అనువైన చోట్లు కొన్నే. అందుకే ఏ తెలుగు వార్తా ఛానల్ లైబ్రరీలోనైనా మూడు రకాల క్లిప్పులు పక్కపక్కనే చేరే వీలుంది. మొదటిది 2009 నాటి 4:3 టేపు నుంచి ఎక్కించుకున్న అసలు దృశ్యం. రెండోది అదే దృశ్యం తర్వాత ఏదో బులెటిన్ కోసం లోగో, స్క్రోల్ వేసుకుని 16:9 చట్రంలో బయటికొచ్చి మళ్లీ లైబ్రరీలో చేరిన రూపం. మూడోది అదే కోణంలో 2024లో కొత్తగా తీసినది. మొదటి రెండూ ఒకే సరుకు, మూడోది వేరు. సాధారణ పోలిక పద్ధతికి మాత్రం ఇది తలకిందులుగా కనిపిస్తుంది. అసలుకీ దాని నకలుకీ మధ్య దూరం ఎక్కువగా, పదిహేనేళ్ల ఎడం ఉన్న రెండు వరదల మధ్య దూరం తక్కువగా తేలవచ్చు. ఈ తారుమారు ఎందుకు జరుగుతుందో, ఆర్కైవ్ పెరిగేకొద్దీ ఎందుకు ముదురుతుందో, పోలికను ఫ్రేమ్ నుంచి కాలరేఖకు మార్చితే ఎంతవరకు సర్దుకుంటుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

‘ఒకే వీడియో’ అనే మాటను పరిశోధకులు కొన్ని అంచెలుగా విడదీశారు. ఈ రంగంలో పరీక్షలకు వాడే FIVR-200K డేటాసెట్ మూడు స్థాయిలు గుర్తిస్తుంది: ఒకే షాట్ నుంచి వచ్చిన నకళ్లు, ఒకే సంఘటనను ఒకే సమయంలో వేర్వేరు కెమెరాలు పట్టిన దృశ్యాలు, ఒకే సంఘటనకు చెందినవైనా సమయం కలవని దృశ్యాలు. వాడిన దృశ్యాన్నే మళ్లీ వాడకూడదనే నియమానికి మొదటి స్థాయి ఒక్కటే లెక్క. బ్యారేజీపై రెండు కెమెరాలు నిలబడి ఉంటే వాటి రష్‌లు రెండూ విడివిడి సరుకే. ఒకదాన్ని వాడాం కదా అని రెండోదాన్ని పక్కన పెట్టడం నష్టమే. ఇక 2009, 2024 క్లిప్పులు మూడో స్థాయికి కూడా రావు. వాటిది పోలికే తప్ప బంధుత్వం కాదు.

ఫైలుకు SHA-256 కట్టి చూడటం ఈ పనికి చాలదు. ఒక్కసారి రీ-ఎన్‌కోడ్ చేసినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. కంటికి ఒకేలా ఉన్నవాటికి దగ్గరి విలువలు ఇచ్చే దృశ్య హాష్ కావాలి. వాటిలో డీహాష్ అన్నది అతి సులభం. ఫ్రేమ్‌ను నలుపు-తెలుపు చేసి, అడ్డంగా 9, నిలువుగా 8 గళ్లకు కుదిస్తాం. ప్రతి వరుసలో పక్కపక్క గళ్లను పోల్చి, ఎడమది ఎక్కువ వెలుగుగా ఉంటే 1, లేకపోతే 0 అని రాసుకుంటాం. వరుసకు 8 చొప్పున మొత్తం 64 బిట్లు వస్తాయి. రెండు ఫ్రేమ్‌ల హాష్‌లలో ఎన్ని బిట్లు తేడాగా ఉంటే అదే వాటి మధ్య దూరం. సెకనుకొక ఫ్రేమ్ చొప్పున కుదించిన గళ్లను ఈ ఆదేశంతో రాబట్టవచ్చు:

```
ffmpeg -i clip.mp4 -vf "fps=1,scale=9:8:flags=area,format=gray" -f rawvideo clip.gray
```

ఒక్కో ఫ్రేమ్‌కు 72 బైట్లు పడతాయి. వాటి నుంచి బిట్లు తీయడం నాలుగు లైన్ల ప్రోగ్రాం.

ఇక మన రెండో క్లిప్పు ఎందుకు దూరమైందో చూద్దాం. 4:3 బొమ్మను 1920×1080 చట్రంలో పెడితే అటూ ఇటూ 240 పిక్సెళ్ల చొప్పున నల్లపట్టీలు వస్తాయి. తొమ్మిది గళ్లలో మొదటిదీ చివరిదీ పూర్తిగా నల్లబడి, మిగతా బొమ్మంతా లోపలికి జరుగుతుంది. అసలులో మూడో గడిలో ఉన్న స్తంభం ఇక్కడ నాలుగో గడిలో పడవచ్చు. అంటే బిట్లు అక్కడక్కడా కాక వరుస వరుసంతా మారతాయి. దీనికి మందు సులువే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని cropdetect ఫిల్టర్‌ను cropdetect=round=2 అని నడిపితే ఆ పట్టీలను కనిపెట్టి crop=1440:1080:240:0 అని చెబుతుంది. కుదించడానికి ముందే ఆ కత్తిరింపు చేయాలి. ఈమధ్య నల్లపట్టీలకు బదులు అదే బొమ్మను మసకబార్చి అటూ ఇటూ నింపుతున్నారు. దాన్ని cropdetect పట్టలేదు. నడి భాగం ఒక్కదానికే రెండో హాష్ తీసి ఉంచుకోవడం తప్ప దీనికి సులువైన దారి లేదు.

స్క్రోల్ సంగతి ఇంకాస్త చిక్కు. అది తెర ఎత్తులో ఎనిమిదో వంతు ఆక్రమిస్తే ఒక వరుసలోని 8 బిట్లు దాని చేతిలోకి వెళ్తాయి, వాటిలో సగటున నాలుగు తప్పుతాయి. పైన ఇంకో శీర్షిక పట్టీ కూడా ఉంటే ఎనిమిది. పది బిట్ల తేడా వరకు ఒప్పుకుందామని గీత గీసుకుంటే ఆ సహనం దాదాపు ఇక్కడే ఖర్చయిపోతుంది. దీనికి రెండో ముఖం కూడా ఉంది. ఒకే ఛానల్ డిజైన్ ఉన్న సంబంధం లేని క్లిప్పులన్నీ ఆ పట్టీల వల్ల ఒకదానికొకటి దగ్గరైనట్టు కనిపిస్తాయి. అంటే స్క్రోల్ నిజమైన నకళ్లను దూరం చేస్తుంది, పరాయివాటిని దగ్గర చేస్తుంది. కింది పట్టీని, లోగో ఉండే మూలను హాష్ తీసేముందే కోసేయడం మంచిది.

ఇక ఆర్కైవ్ పెరుగుదల. రెండు హాష్‌లు పూర్తిగా యాదృచ్ఛికమైతే వాటి మధ్య తేడా పది బిట్లు లేదా అంతకు తక్కువ ఉండే అవకాశం సుమారు పది కోట్లలో ఒకటి. వినడానికి భరోసాగానే ఉంది. వెయ్యి గంటల ఆర్కైవ్‌లో సెకనుకొక ఫ్రేమ్ చొప్పున 36 లక్షల హాష్‌లు ఉంటాయి. ముప్పై సెకన్ల కొత్త క్లిప్పు వస్తే 30 హాష్‌లను వాటితో పోల్చాలి, అంటే 10.8 కోట్ల పోలికలు. ఆ లెక్కన ప్రతి కొత్త క్లిప్పుకూ సగటున ఒక తప్పుడు జోడీ కేవలం కాకతాళీయంగా తగులుతుంది. వంద గంటలప్పుడు పది క్లిప్పులకు ఒకటిగా ఉన్న ఈ బెడద పదివేల గంటలకు చేరేసరికి క్లిప్పుకు పది అవుతుంది. నిజమైన దృశ్యాలు యాదృచ్ఛికం కావు. పైన ఆకాశం, కింద నేల ఉన్న బొమ్మలు లక్షల్లో ఉంటాయి కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువే. మొదటి ఏడాది పరీక్షించి ఖాయం చేసిన గీత ఐదో ఏడాదికి పనికిరాకపోవడానికి కారణం ఇదే. గీతను బిగిస్తే స్క్రోల్ వేసిన నకళ్లు చేజారతాయి.

అందుకే ఒక్క ఫ్రేమ్ పోలికను సాక్ష్యంగా కాక ఆచూకీగా మాత్రమే తీసుకోవాలి. కొత్త క్లిప్పులో 4వ సెకను ఆర్కైవ్‌లోని ఒక టేపులో 612వ సెకనుతో కలిసిందనుకుందాం. రెంటి మధ్య అంతరం 608. నిజంగా నకలైతే 5వ సెకను 613తో, 9వది 617తో కలవాలి. అన్నిటికీ అంతరం 608 రావాలి. ప్రతి జోడీకీ ఈ అంతరం లెక్కగట్టి, ఏ అంతరానికి ఎన్ని ఓట్లు పడ్డాయో చూడటమే కాలరేఖ పోలిక. పైన చెప్పిన యాదృచ్ఛిక లెక్కలోనే, ఒకే అంతరం మీద కనీసం రెండు జోడీలు కాకతాళీయంగా పడే అవకాశం క్లిప్పుకు సుమారు 64 లక్షల్లో ఒకటికి పడిపోతుంది. ఫ్రేమ్ దగ్గర ఉదారంగా ఉండి, వరుస దగ్గర కచ్చితంగా ఉండవచ్చన్నమాట. సినిమా దృశ్యాలు 24 ఫ్రేమ్‌ల నుంచి 25కు మారినప్పుడు వేగం నాలుగు శాతం పెరుగుతుంది. ముప్పై సెకన్లకు 1.2 సెకన్ల జారుడు కనుక ఓట్ల గడిని రెండు సెకన్ల వెడల్పు పెడితే చాలు.

మాదిరి తీసే చోట ఒక కిటుకు ఉంది. నకలును అర సెకను ఆలస్యంగా కత్తిరించి ఉంటే, రెండు వైపులా సెకనుకొకటి తీసిన ఫ్రేమ్‌లు ఎప్పటికీ ఒకే క్షణానివి కావు. కదలిక ఎక్కువున్న షాట్‌లో ఇది నకలును దాచేస్తుంది. ఆర్కైవ్‌ను సెకనుకొకటిగా, కొత్త క్లిప్పును సెకనుకు నాలుగుగా తీస్తే ఈ బెడద చాలావరకు పోతుంది, సూచికా పెరగదు. అద్దంలోలా తిప్పిన నకళ్ల కోసం కూడా కొత్త క్లిప్పునే తిప్పి రెండోసారి వెతకాలి, ఆర్కైవ్‌ను ముట్టుకోనక్కర్లేదు.

వెతకడంలో వేగం సంగతి క్లుప్తంగా. 64 బిట్లను 16 చొప్పున నాలుగు ముక్కలు చేస్తే, మొత్తం తేడా పదికి మించని జోడీలో కనీసం ఒక ముక్కలో తేడా రెండుకు మించదు. ఒక్కో ముక్కకు రెండు బిట్ల లోపు తేడాతో 137 రూపాలు, నాలుగు ముక్కలకు 548. ఒక్కో అరలో సగటున 55 హాష్‌లు ఉంటాయి కాబట్టి 36 లక్షలకు బదులు సుమారు 30 వేలు చూస్తే సరిపోతుంది. నల్ల ఫ్రేమ్‌లు, రంగుపట్టీలు, పొగమంచు దృశ్యాలు కొన్ని అరల్లో గుట్టపడి ఈ సగటును పాడుచేస్తాయి. వెలుగులో తేడా మరీ తక్కువున్న ఫ్రేమ్‌లను సూచికలో అసలు చేర్చకపోవడమే మేలు.

ఇప్పుడు మూడో క్లిప్పు. ట్రైపాడ్ మీద కదలకుండా తీసిన 2024 దృశ్యంలో బ్యారేజీ స్తంభాలు, గట్టు, ఆకాశం 2009 నాటి చోటే ఉంటే, ప్రతి ఫ్రేమూ పాత క్లిప్పులోని ప్రతి ఫ్రేముతోనూ కలుస్తుంది. అంతరాల లెక్కలో ఓట్లు కుప్పలుగా పడతాయి కనుక తొందరపడితే నకలని ముద్ర వేసేస్తాం. కానీ ఆ ఓట్ల ఆకారమే అసలు గుట్టు చెబుతుంది. ఒక క్లిప్పు కాలాన్ని అడ్డంగా, రెండోదాన్ని నిలువుగా పెట్టి, కలిసిన చోటల్లా చుక్క పెడితే నిజమైన నకలు ఏటవాలు గీతగా వస్తుంది. కదలని దృశ్యం నిండు చతురస్రంగా వస్తుంది. స్టూడియోలో వార్తలు చదివే యాంకర్ షాట్లు కూడా ఇలాగే చతురస్రాలవుతాయి, ఏ బులెటిన్ ఏ రోజుదో హాష్‌కు తెలియదు.

చతురస్రం వచ్చినంత మాత్రాన నకలు కాదనీ చెప్పలేం, కదలని షాట్‌కూ నకలు ఉండవచ్చు. ఇక్కడ కదలని భాగాన్ని తీసేసి కదిలే భాగాన్నే పోల్చాలి. వరుస ఫ్రేమ్‌ల మధ్య వెలుగు తేడాను గళ్లవారీగా తీసుకుంటే స్తంభాలు రద్దయిపోయి నీటి నురుగు, గట్టు మీద జనం, దాటిపోయే వాహనం మిగులుతాయి. ఒక లారీ 2009లోనూ 2024లోనూ ఒకే సెకనులో ఒకే గడి దాటదు. ఇక్కడ సెకనుకొక ఫ్రేమ్ చాలదు, అనుమానం వచ్చిన జతకు మాత్రం పూర్తి వేగంతో ఫ్రేమ్‌లు తీయాలి. జతలు తక్కువే కనుక ఆ ఖర్చు భరించదగ్గదే.

నకలని తేలాక దాన్ని రాసుకునే తీరులో కూడా తప్పు దొర్లుతుంది. అ ఆతో, ఆ ఇతో కలిస్తే మూడింటినీ ఒకే గుంపులో వేయడం అలవాటు. ఏడాది చివర వేసే మోంటేజ్ దీన్ని చెడగొడుతుంది. అందులో నలభై క్లిప్పుల ముక్కలుంటే, ఒకదానికొకటి ఏ సంబంధం లేని ఆ నలభై ఒకే కుటుంబమైపోతాయి. సంబంధాన్ని ఫైలుకు కాక వ్యవధికి రాస్తే ఇది జరగదు. ‘మోంటేజ్‌లో 12 నుంచి 17 సెకన్లు = 2009 టేపులో 620 నుంచి 625 సెకన్లు’ అని ఒక వరుస చాలు. వాడకం ఖాతా కూడా అసలు టేపు వ్యవధి మీదే పడాలి. అప్పుడు ఎడిటర్ స్క్రోల్ ఉన్న నకలును తెచ్చినా, మోంటేజ్‌లోంచి ముక్క కోసినా 620 నుంచి 625 వరకు ఇదివరకే వాడినట్టు తెలుస్తుంది. అదే టేపులో 700వ సెకను నుంచి ఉన్న భాగం వాడనిదేనని కూడా తెలుస్తుంది. నకలు ఫైళ్లను చెరిపేయాలన్న ఉబలాటాన్ని ఆపుకోవడం మంచిదని నా అభిప్రాయం. అసలు టేపు డిజిటైజేషన్‌లో చెడిపోయిన భాగం ఒక్కోసారి నకలులోనే మిగిలి ఉంటుంది.

ఈ పద్ధతి ఓడిపోయే చోటు నిలువు వీడియో. 16:9 దృశ్యం నుంచి ఫోన్ తెరకు 9:16 కోస్తే అసలు వెడల్పులో 32 శాతం లోపే మిగులుతుంది. మొత్తం ఫ్రేమ్ మీద కట్టిన 64 బిట్లకు దానితో పోలిక ఉండదు, ఏ గీత పెట్టినా దొరకదు. బొమ్మలోని చిన్నచిన్న బిందువులను విడివిడిగా పోల్చే సిఫ్ట్ లాంటి పద్ధతులు అక్కడ పనిచేస్తాయి, కానీ ఒక్కో ఫ్రేమ్‌కు వందలాది బిందువులు దాచాలి. శబ్దాన్ని మార్చకుండా వదిలిన నిలువు క్లిప్పులకు క్రోమాప్రింట్ వంటి శబ్ద ముద్రలు ఇంతకన్నా చవక. వాయిస్ ఓవర్, సంగీతం ఎక్కించినవాటికి మాత్రం అదీ అందదు. అందుకని లైబ్రరీలో ఉన్న టేపు నుంచి నిలువు క్లిప్పు కోసే ఎడిటర్ దాన్ని ఎక్కించేటప్పుడే అసలు టేపు పేరు, వ్యవధి నింపేలా ఎడిటింగ్ టేబుల్ దగ్గరే ఏర్పాటు చేసుకోవాలి. బయటి నుంచి వచ్చిన నిలువు క్లిప్పులను సిఫ్ట్ వరుసలో పెట్టి రాత్రిపూట నడపవచ్చు.