తాడిగీత - ద్రవోద్గమం: కృష్ణా డెల్టా గీతవృత్తి ఆధారంగా మొక్కల్లో నీరు, చక్కెరల రవాణాపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తాడిచెట్టు నుంచి కారే తీయని రసం వేరు నుంచి ఎక్కినదా, ఆకు నుంచి వచ్చినదా అన్న ప్రశ్న వృక్షశాస్త్రంలో చాలాకాలం చర్చకు వచ్చింది. కృష్ణా డెల్టాలోని గీతవృత్తి విధానాన్ని ఆధారంగా తీసుకొని, ఆ ప్రశ్నకు సమాధానం రూపొందిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గీత కార్మికుడు అనుసరించే ప్రతి దశకూ మొక్క లోపలి ఒక ప్రక్రియతో సంబంధముందని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: తాడి, గీతవృత్తి, దారువు, పోషక కణజాలం, బాష్పోత్సేకం, నీరా.

1. ఉపోద్ఘాతం:
విజయవాడ వద్ద కృష్ణానదిపై 1852-55 సంవత్సరాల మధ్య ఆనకట్ట నిర్మించారు. దాని కాలువల కింద వరి సాగు విస్తరించింది. ఆ డెల్టాలో కాలువ గట్ల మీద, పొలం గట్ల మీద, బందరు వైపు ఇసుక నేలల్లో తాడిచెట్టు నీటి పంపకంతో నిమిత్తం లేకుండా పెరుగుతూ వచ్చింది. చలి తగ్గినప్పటి నుంచి నడివేసవి వరకు తాళ్ళు గీసే కాలం. అంటే కాలువలు కట్టేసి, వరిమళ్ళు బీటలువారిన రోజుల్లోనే గెల నుంచి రసం ధారాళంగా కారుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నేలలో తేమ తగ్గి, ఆకుల నుంచి నీరు ఎక్కువగా ఆవిరయ్యే కాలంలో, 20 మీటర్ల ఎత్తులో ఉన్న కోత నుంచి రసం బయటికి ఎలా కారుతుంది? వేరు నీటిని పైకి నెట్టడం వల్లనే కల్లు కారుతుందని అనుకుంటే, వానాకాలంలోనే అది ఎక్కువగా కారాలి. డెల్టాలో వేరు నెట్టే నీటిని చూడాలంటే వరిచేను దగ్గరికి వెళ్ళాలి. తేమ నిండిన రాత్రి గడిచాక తెల్లవారుజామున వరి ఆకుల కొనల మీద నిలిచే నీటిబొట్లలో చాలా భాగం వేరుపీడనం వల్ల వచ్చినవే. ఎండ ఎక్కితే అవి కనిపించవు. తాడిరసం ఈ నియమాన్ని పాటించదు. కాబట్టి దాని దారి వేరై ఉండాలి.

2. పైకి వెళ్ళే నీరు:
వృక్షశాస్త్ర తెలుగు పాఠ్యపుస్తకాలు నీరు పైకి ఎక్కడాన్ని 'ద్రవోద్గమం' అంటాయి. ఇది జైలంలో, అంటే దారువులో జరుగుతుంది. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ 1727లో ప్రచురించిన గ్రంథంలో ఆకులు ఆవిరి చేసే నీటిని తూచి చూపాడు, వేరుపీడనాన్నీ కొలిచాడు. అయితే పొడవైన చెట్టు కొనకు నీటిని చేర్చే బలం ఏదన్నది ఆ తరవాత కూడా తేలలేదు. గాలి ఒత్తిడి నీటిని 10.3 మీటర్లకు మించి నిలబెట్టలేదు. తాడిచెట్టు దానికి రెట్టింపు ఎత్తు పెరుగుతుంది.

1891లో ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్ విషద్రావణాలతో కాండంలోని జీవకణాలను చంపినా నీరు 20 మీటర్లకు పైగా ఎక్కడం చూశాడు. నీటిని లేపే పని కాండంలోని జీవకణాలది కాదని దీనివల్ల అర్థమైంది. 1894-95లో డబ్లిన్‌కు చెందిన హెన్రీ డిక్సన్, జాన్ జోలీ సమాధానం ప్రతిపాదించారు. ఆకులో నీరు ఆవిరైనప్పుడు కణకుడ్యాల్లోని సన్నని నీటిపొర వెనక్కు వంగుతుంది. నీటి అణువులు ఒకదానినొకటి పట్టుకొని ఉండటం వల్ల ఆ లాగుడు వేరు దాకా పాకుతుంది. దీనినే బాష్పోత్సేక కర్షణ అంటారు. జీవకణాల స్పందనలే నీటిని లేపుతాయని జగదీశ్ చంద్ర బోస్ 1923లో వాదించాడు కానీ, స్ట్రాస్‌బర్గర్ ప్రయోగం ముందు ఆ వాదం నిలవలేదు.

ఈ సిద్ధాంతం నుంచి తాడిగీతకు ముఖ్యమైన ఒక ఫలితం వస్తుంది. 20 మీటర్ల నీటిస్తంభాన్ని మోయడానికే దాదాపు 2 అట్మాస్ఫియర్ల లాగుడు కావాలి. నాళాల్లో ఎదురయ్యే ఒరపిడికి, నేల పట్టి ఉంచే బలానికి మరికొంత. పగటిపూట దారువులోని నీరు ఇలా లాగబడి, బిగుతుగా ఉంటుంది. అటువంటి నాళాన్ని కోస్తే నీరు బయటికి రాదు. గాలి లోపలికి పోతుంది. అందుచేత ఎండలో కోత నుంచి కారే రసం దారువుది కాజాలదు.

3. చక్కెర ప్రయాణం:
చక్కెర ప్రయాణించేది ఫ్లోయంలో, అంటే పోషక కణజాలంలో. పదిహేడో శతాబ్దిలో మాల్పీజీ చెట్టు బెరడును వలయంగా తీస్తే వలయానికి పైభాగం ఉబ్బుతుందని గమనించాడు. థియొడార్ హార్టిగ్ 1837లో చాలనీ నాళాలను గుర్తించి, 1860లో బెరడుకు గాటు పెట్టి వాటి నుంచి రసం కారడం చూపాడు. తాడికి మాత్రం వలయ ప్రయోగం పనికిరాదు. అది ఏకదళబీజం. దాని నాళికాపుంజాలు కాండమంతటా చెదిరి ఉంటాయి. ప్రతి పుంజంలోనూ దారువు, పోషక కణజాలం పక్కపక్కనే ఉంటాయి. ఏ కోత పెట్టినా రెండూ తెగుతాయి. తాడిరసం మూలం గురించి వాదం సాగడానికి ఇదొక కారణం.

1930లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మ్యూంక్ పీడన ప్రవాహ సిద్ధాంతాన్ని విస్తృతంగా వివరించాడు. ఆకులో తయారైన చక్కెర చాలనీ నాళంలోకి చేరుతుంది. ఆ గాఢత వల్ల పక్కనున్న దారువు నుంచి నీరు నాళంలోకి వస్తుంది. నాళం ఉబ్బి పీడనం పెరుగుతుంది. చక్కెరను వాడుకునే చోట పీడనం తగ్గుతుంది. ఆ తేడాయే రసాన్ని నడుపుతుంది.

దీనిని తాడిరసానికి అన్వయించి లెక్క కట్టవచ్చు. లీటరు రసంలో 120 గ్రాముల సుక్రోజ్ ఉందనుకుందాం. సుక్రోజ్ అణుభారం 342 కనుక అది లీటరుకు 0.35 మోల్. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని ద్రవాభిసరణ పీడనం దాదాపు 9 అట్మాస్ఫియర్లు. దారువు 3 లేదా 4 అట్మాస్ఫియర్లతో వెనక్కు లాగినా, నాళంలో ఇంకా దాదాపు 5 లేదా 6 అట్మాస్ఫియర్ల పీడనం మిగులుతుంది. మధ్యాహ్నం ఆ లాగుడు పెరిగేకొద్దీ ఈ మిగులు తగ్గుతుంది. రాత్రి ఆకులు నీటిని ఆవిరి చేయడం తగ్గితే పెరుగుతుంది. పగటికన్నా రాత్రి కుండలో సాధారణంగా ఎక్కువ రసం పడటానికి ఇదొక వివరణ. చక్కెరను నడిపే నీరు కూడా దారువు పైకి తెచ్చిన నీరే కాబట్టి రెండు ప్రవాహాలు ఒకే వలయంలోని భాగాలు.

4. గీత - ఒక విధానం:
గీత కార్మికుడు మోకు, కత్తి, కుండలతో చెట్టెక్కి విప్పారని లేత గెలలను ఎంచుకుంటాడు. వాటిని కట్టి, కొన్నాళ్ళపాటు రోజూ మెల్లగా నలుపుతాడు. మగ చెట్టు గెలలను కర్రల మధ్య నొక్కుతాడు. ఆ తరవాత కొన కోసి, కింద కుండ కడతాడు. అప్పటి నుంచి ఉదయం, సాయంత్రం పలుచని బిళ్ళగా కొనను గీస్తాడు. వృత్తికి 'గీత' అన్న పేరు వచ్చింది ఈ పని నుంచే.

ఇందులో కీలకం తిరిగి గీయడం. చాలనీ నాళం తెగగానే పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. అందులోని ప్రోటీను, కేలోజ్ అనే పిండిపదార్థం జల్లెడ రంధ్రాలను మూసివేస్తాయి. మొక్కకు ఇది ఆత్మరక్షణ. మామూలు మొక్కకు గాటు పెడితే కొద్దిసేపటికే కారడం ఆగిపోవడం ఇందువల్లనే. రోజూ తీసే పలుచని బిళ్ళతో మూసుకుపోయిన భాగం తొలగి, తెరిచిన నాళాలు బయటపడతాయి. మందంగా కోస్తే గెల త్వరగా తరిగిపోతుంది. గీయకుండా వదిలేస్తే ధార తగ్గి, ఆగుతుంది. ముందుగా నలపడం ఈ మూసుకునే స్పందనను బలహీనపరుస్తుందని కొందరు పరిశోధకులు వివరించారు. దాని కచ్చితమైన యంత్రాంగంపై ఏకాభిప్రాయం లేదు.

రోజుకు 2 లీటర్ల రసమిచ్చే చెట్టును ఊహిస్తే, పై లెక్క ప్రకారం అది రోజుకు 240 గ్రాముల చక్కెరను, నెలకు 7 కిలోలకు పైగా వదులుతుంది. ఇది కాయగా, గింజగా మారవలసిన ఆహారం. కొంత అప్పటికప్పుడు ఆకులు తయారుచేసినది; కొంత కాండంలో నిలవ ఉన్న పిండి చక్కెరగా మారినది. ఆకుల చక్కెర మొవ్వు నుంచి గెలకు వస్తుంది. కాండంలోని నిలవ కింది నుంచి పైకి వస్తుంది. కాబట్టి నీరు పైకి, చక్కెర కిందికి అన్న పాఠ్యపుస్తక సూత్రం తాడి విషయంలో సరిపోదు. చక్కెర దిశను నిర్ణయించేది ఎత్తు కాదు. తయారైన లేదా నిలవ ఉన్న చోటు, వాడుకునే చోటు. కోసిన గెల చెట్టుకు ఎంతకూ నిండని వాడకపు చోటుగా మారుతుంది.

5. తాటిజాతి చెట్లపై పరిశోధన:
ఈ విషయంపై తొలి శాస్త్రీయ చర్చకు వేదిక జావా ద్వీపం. ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త హాన్స్ మోలిష్ అక్కడి కొబ్బరి వంటి చెట్లను పరిశీలించి, 1898లో ఈ స్రావానికి మూలం వేరుపీడనం కాదని, అది గాయపడిన పూగుచ్ఛం దగ్గరే స్థానికంగా కలుగుతోందని ప్రకటించాడు. డచ్ శాస్త్రవేత్త పి.ఎం.ఎల్. టామెస్ 1933లో వెలువరించిన పరిశీలనలు ఆ స్రావాన్ని పోషక కణజాలంతో ముడిపెట్టాయి. తరవాతి రసాయన విశ్లేషణలు దీనిని బలపరిచాయి. ఆ రసంలో చక్కెర దాదాపు అంతా సుక్రోజే. పొటాషియం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఇది చాలనీ నాళరసం లక్షణం. 1953లో కెన్నెడీ, మిట్లర్ పేనుబంక పురుగు నోటిసూదిని తెంచి, దాని గుండా నాళరసం తనంతట తానే కారడం చూపారు. లోపలి పీడనాన్ని రుజువు చేయడంలో ఆ సూది చేసిన పనిని తాటి తోపులో గీతకత్తి అంతకు ఎంతోకాలం ముందు నుంచే చేస్తోంది.

6. కుండలో సున్నం:
నాళం నుంచి వెలువడినప్పుడు రసం దాదాపు తటస్థంగా, తీయగా ఉంటుంది. కోత మీద, కుండలో ఉండే ఈస్టులు, బాక్టీరియాలు సుక్రోజ్‌ను విడగొట్టి ఆల్కహాలుగా, ఆమ్లాలుగా మారుస్తాయి. నురగ, పుల్లని వాసన దీనికి గుర్తులు. కుండ లోపల సున్నం పూస్తే రసం క్షారంగా ఉండి ఈ మార్పు మందగిస్తుంది. అదే నీరా, కాస్తే తాటిబెల్లం. సున్నం మరీ ఎక్కువైతే రుచి చెడుతుంది, తక్కువైతే రసం పులుస్తుంది.

ఈ సన్నని గీత చట్టానికీ విస్తరించింది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం నిర్వచనంలో తాటిజాతి చెట్ల రసం పులిసినా, పులియకున్నా కల్లే. 1937లో మద్రాసు మద్యనిషేధ చట్టం వచ్చి, 1948 నాటికి రాష్ట్రమంతటా అమలయ్యాక కృష్ణాజిల్లా గీత కార్మికుడికి పులియని రసమే చట్టబద్ధమైన దారిగా మిగిలింది. అదే చెట్టు, అదే కోత, అదే రసం. పొద్దెక్కేలోపు కుండలో జరిగిన రసాయన మార్పును బట్టి అతడు బెల్లం ఉత్పత్తిదారో, నేరస్థుడో తేలింది.

7. ముగింపు:
దారువులో లాగుడు, పోషక కణజాలంలో నెట్టుడు అన్న రెండు సూత్రాలూ తాడిగీతలో ఒకే కోత వద్ద కనిపిస్తాయి. ఎండలో కోసినా రసం కారడం, గీయకపోతే ఆగిపోవడం, కాలువలు ఎండిన రుతువులోనూ తీయగా ఉండడం - ఈ మూడింటినీ వేరుపీడనం వివరించలేదు. పీడన ప్రవాహం వివరిస్తుంది. తెలుగు వృక్షశాస్త్ర బోధనలో ద్రవోద్గమానికి, చక్కెరల స్థానాంతరణకు విదేశీ చెట్ల ఉదాహరణలే సాధారణం. డెల్టా విద్యార్థికి కళ్ళెదుట ఉన్న తాడిగెల ఆ పాఠంలో చేరితే, 'పైకి - కిందికి' అన్న తప్పు సూత్రం స్థానంలో ఉత్పత్తి స్థానం, వినియోగ స్థానం అన్న సరైన భావన నిలుస్తుంది. గీతవృత్తి పదజాలాన్ని సేకరించే పరిశోధకులు పనిముట్ల పేర్లతోపాటు ప్రతి పనికీ కార్మికులు చెప్పే కారణాన్ని కూడా నమోదు చేయడం అవసరం. నలపడం ఎన్నాళ్ళు, బిళ్ళ ఎంత పలుచన, సున్నం ఎంత అన్న వివరాలు వృత్తి విడిచేవారితోనే పోతున్నాయి.